ఒక్కడు లేకపోతే రేటు ఎంత కదలాలి?

2023 సెప్టెంబర్ 23న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో ఆడుతున్నప్పుడు మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రికి రెఫరీ రెడ్ కార్డ్ చూపించాడు. దాంతో మూడు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆ మూడింటిలోనూ సిటీ ఓడిపోయింది. లీగ్ కప్‌లో న్యూకాసిల్ ఓడించింది, ప్రీమియర్ లీగ్‌లో వుల్వ్స్, ఆర్సెనల్ ఓడించాయి. డిసెంబర్‌లో ఎల్లో కార్డులు ఎక్కువై రోడ్రి మరో మ్యాచ్‌కు దూరమయ్యాడు. ఆస్టన్ విల్లాతో జరిగిన ఆ మ్యాచ్ కూడా పోయింది. ఆ సీజన్ మొత్తం మీద లీగ్‌లో సిటీ ఓడింది ఆ మూడు మ్యాచ్‌లే. మూడింటిలోనూ రోడ్రి లేడు. అతను మైదానంలో ఉన్న లెక్క తీస్తే, 2023 ఫిబ్రవరి నుంచి 2024 మే దాకా, పెనాల్టీ షూటౌట్లు పక్కన పెడితే, 74 మ్యాచ్‌ల పాటు సిటీకి ఓటమి లేదు.

ఇది చూసిన ఎవరికైనా రోడ్రి లేడని తెలిసిన రోజున సిటీ గెలుపు మీద నమ్మకం సగానికి సగం పడిపోవాలనిపిస్తుంది. ఆడ్స్ మాత్రం అలా కదలవు. ఒక్క పెద్ద ఆటగాడు తప్పుకుంటే ఫుట్‌బాల్‌లో బలమైన జట్టు గెలుపు అవకాశం సాధారణంగా నూటికి మూడు, నాలుగు, మహా అయితే ఐదు పాళ్లు తగ్గుతుంది. 1.65 ఉన్న రేటు 1.75కో 1.78కో వెళ్తుంది. రేటు కట్టేవాళ్లు నిర్లక్ష్యం చేశారని కాదు. వాళ్లు ఆ వార్తను చూసే పద్ధతి వేరు.

ముందు రేటు అంటే ఏమిటో చూద్దాం. బ్రిటన్‌లో బెట్టింగ్ చట్టబద్ధమైన వ్యాపారం కాబట్టి ప్రతి మ్యాచ్‌కీ రేట్లు బహిరంగంగా కనిపిస్తాయి. ఒక జట్టు మీద 1.65 రేటు ఉందంటే, వంద పెట్టి గెలిస్తే అసలుతో కలిపి 165 వస్తుంది. ఒకటిని 1.65తో భాగిస్తే 0.606. అంటే ఆ జట్టు నూటికి దాదాపు 61 సార్లు గెలుస్తుందని ఆ రేటు చెబుతోంది. రేటు ఎంత తక్కువైతే అవకాశం అంత ఎక్కువ. నిజానికి బుక్‌మేకర్ తన లాభం కోసం ప్రతి రేటునూ కాస్త కుదిస్తాడు. గెలుపు, డ్రా, ఓటమి మూడింటి అవకాశాలూ కలిపితే వంద కాకుండా 104, 105 వస్తుంది. ఆ పైది అతని వాటా. కింద నేను చేసే లెక్కల్లో ఆ వాటా తీసేసిన శుద్ధమైన రేట్లే వాడతాను.

ఈ 61 ఎక్కడి నుంచి వచ్చింది? ఫుట్‌బాల్‌లో దీని మూలం గోల్స్. రెండు జట్లూ సగటున ఎన్ని గోల్స్ కొట్టవచ్చో ముందు అంచనా వేస్తారు. సొంత మైదానంలో ఆడే బలమైన జట్టుకు 2.0, వచ్చిన జట్టుకు 1.0 అనుకుందాం. సగటు 2 అయినప్పుడు సున్నా గోల్స్ వచ్చే అవకాశం ఎంత, ఒకటి వచ్చేది ఎంత, రెండు వచ్చేది ఎంత అని చెప్పే సూత్రం ఒకటుంది. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు గుర్తుండే పాయిజాన్ విభాజనం అదే. 1982లో మేహర్ అనే గణాంక పండితుడు ఫుట్‌బాల్ స్కోర్లకు దాన్ని ఎలా వాడవచ్చో చూపించాడు. 1997లో డిక్సన్, కోల్స్ అనే ఇద్దరు దానికి మెరుగులు దిద్దారు. 0–0, 1–1 లాంటి తక్కువ స్కోర్ల దగ్గర సాదా సూత్రం తప్పుతోందని గమనించి వాటిని సవరించడం అందులో ఒకటి. మన లెక్కకు సాదా సూత్రం చాలు. 2.0, 1.0 అంకెలు పెట్టి ప్రతి స్కోరు అవకాశమూ కట్టి కూడితే ఇంటి జట్టు గెలుపు నూటికి 60.6, డ్రా 21.2, అవతలి జట్టు గెలుపు 18.3 వస్తాయి. ఆ 60.6 రేటులోకి మారితే 1.65.

కాబట్టి గాయం వార్త రాగానే వేయాల్సిన ప్రశ్న ‘అతను లేకుండా గెలుస్తారా’ అన్నది కాదు. ఆ 2.0, ఆ 1.0 ఎంత మారతాయి అన్నది. ఇంటి జట్టు ప్రధాన స్ట్రైకర్ తొడ కండరం పట్టేసి తప్పుకున్నాడనుకోండి. అతనికి మ్యాచ్‌కు సగటున 0.6 గోల్స్ విలువైన అవకాశాలు దక్కుతున్నాయి. ఇక్కడ అసలు కొట్టిన గోల్స్‌ను లెక్కలోకి తీసుకోరు. అతను ఎక్కడి నుంచి, ఎలాంటి స్థితిలో షాట్లు కొట్టాడో చూసి, మామూలుగా అలాంటి షాట్లు ఎన్ని గోల్స్ అవుతాయో దాన్నే తీసుకుంటారు. ఎందుకంటే కొట్టిన గోల్స్‌లో అదృష్టం పాలు ఎక్కువ.

ఇప్పుడు 2.0లోంచి 0.6 తీసేసి 1.4 అనేస్తే అది పెద్ద తప్పు. చాలామంది చేసే తప్పు కూడా. అతని చోటు ఖాళీగా ఉండదు కదా. పెళ్లికి పెద్ద వంటవాడు రాలేదని పందిట్లో విస్తళ్లు ఖాళీగా ఉండవు. రెండో వంటవాడు చేస్తాడు, ఇద్దరి చేతివాటానికీ మధ్య తేడా ఎంతో అంతే నష్టం. బెంచి మీది స్ట్రైకర్‌కు 0.35 విలువ ఉంటే తేడా 0.25. అందులోనూ కొంత వెనక్కి వస్తుంది. ఆ షాట్లు అతనొక్కడే సృష్టించుకున్నవి కావు, రెక్కల మీది ఆటగాళ్లు, మిడ్‌ఫీల్డర్లు తెచ్చిచ్చినవి. అతను లేనప్పుడు ఆ బంతులు మరొకరి కాలికి వెళ్తాయి, పెనాల్టీ మరొకరు కొడతాడు. అవన్నీ చూసుకుంటే జట్టు మొత్తానికి నికరంగా పోయేది 0.15 అనుకుందాం. 2.0 కాస్తా 1.85 అవుతుంది. అవతలి 1.0 అలాగే ఉంటుంది.

మళ్లీ అదే సూత్రంలో వేస్తే ఇంటి జట్టు గెలుపు 57.3, డ్రా 22.6, అవతలి జట్టు గెలుపు 20.1. రేటు 1.65 నుంచి 1.75కు చేరింది. పేపర్లో పతాక శీర్షికకెక్కిన గాయం గెలుపు అవకాశాన్ని కదిలించింది మూడు పాళ్లకు కాస్త పైన.

రోడ్రి లాంటివాడి లెక్క కాస్త వేరు. అతను గోల్స్ కొట్టడానికి పేరుపడ్డవాడు కాదు. బంతిని తన జట్టు కాళ్ల దగ్గరే ఉంచుతాడు, పోగానే మధ్యలోనే అడ్డుపడి లాక్కుంటాడు. అలాంటివాడు లేకపోతే రెండు వైపులా దెబ్బ తగులుతుంది. మనవాళ్లకు అవకాశాలు తగ్గుతాయి, అవతలివాళ్లకు పెరుగుతాయి. ఉదారంగా చెరో 0.1 వేద్దాం. 1.9, 1.1 అవుతాయి. గెలుపు 56.0కు దిగుతుంది, రేటు 1.78 దాటుతుంది.

‘ఇంతేనా’ అనిపిస్తే ఆ 0.2 గోల్ తేడా సీజన్ మొత్తానికి ఎంతో చూడండి. గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి. మొదటి లెక్క ప్రకారం జట్టుకు మ్యాచ్‌కు సగటున 2.03 పాయింట్లు రావాలి, రెండో లెక్క ప్రకారం 1.90. 38 మ్యాచ్‌లకు ఈ తేడా దాదాపు ఐదు పాయింట్లవుతుంది. లీగ్‌లో ఐదు పాయింట్లంటే చాలాసార్లు టైటిల్‌కీ రెండో స్థానానికీ మధ్య దూరం. పదకొండు మందిలో ఒక్కడికి, అదీ అతని బదులు వచ్చేవాడు కూడా జాతీయ జట్టు స్థాయివాడే అయినప్పుడు, అంత విలువ ఇవ్వడం చిన్న గౌరవం కాదు. మ్యాచ్ రేటులో చిన్నగా కనిపించినా, ఏడాది మొత్తం మీద ఇది చాలా పెద్ద అంకె.

మరి వరసగా వచ్చిన ఆ ఓటముల సంగతి? ఒక్కొక్కటీ విప్పి చూస్తే కథ మారుతుంది. వుల్వ్స్, ఆర్సెనల్, విల్లా మూడూ ప్రత్యర్థుల మైదానాల్లో జరిగిన మ్యాచ్‌లు. న్యూకాసిల్‌తో జరిగిన కప్ మ్యాచ్ కూడా అంతే. ఆ ఏడాది ఆర్సెనల్ లీగ్‌లో రెండో స్థానంలో, విల్లా నాలుగో స్థానంలో నిలిచాయి. రోడ్రి ఉన్నా సిటీకి ఆ రోజుల్లో గెలుపు అవకాశం ఇంటి దగ్గర ఉన్నంత ఉండేది కాదు. పైగా జట్టు మెదడు లాంటి డి బ్రూయ్‌నా ఆగస్టులోనే తొడ గాయంతో పడిపోయి జనవరి దాకా రాలేదు. అంటే ఆ నాలుగింటిలో లేనిది రోడ్రి ఒక్కడే కాదు. ఇక గోల్స్ చూస్తే, వుల్వ్స్ తొలి గోల్ సిటీ డిఫెండర్ రూబెన్ డియాస్ తన గోల్లోకే మళ్లించింది. ఆర్సెనల్ గెలిచింది ఆట చివర్లో, డిఫెండర్ అకే ఒంటికి తగిలి దారి మారిన షాట్‌తో. ఇవి దురదృష్టాలు. విల్లా మ్యాచ్ మాత్రం అలా తీసేయదగ్గది కాదు. విల్లా 22 షాట్లు కొడితే సిటీ రెండే కొట్టింది. ఆ రోజు మధ్యలో నిజంగానే గొయ్యి పడింది. రేటు కట్టేవాడు ఆ ఒక్క మ్యాచ్‌కు ఎక్కువ బరువిస్తాడు, ఓటమి అయినందుకు కాదు, షాట్ల లెక్క అంత ఏకపక్షంగా ఉన్నందుకు.

‘ఉన్నప్పుడు – లేనప్పుడు’ గెలుపోటముల పట్టికకు ఇంకో లోపం ఉంది, అది ఎంత శ్రద్ధగా తయారు చేసినా పోదు. గెలుపు అవకాశం 60.6 నుంచి 56.0కు తగ్గిందో లేదో కేవలం ఫలితాలు చూసి తేల్చాలంటే అతను లేకుండా జట్టు నాలుగైదు వందల మ్యాచ్‌లు ఆడాలి. అంతకంటే తక్కువలో అదృష్టపు ఎగుడుదిగుడులే ఆ తేడాను మింగేస్తాయి. ఏ ఆటగాడూ అన్ని మ్యాచ్‌లు తప్పిపోడు. అందుకే అనుభవమున్నవాళ్లు ఫలితాల పట్టికను పక్కన పెట్టి, షాట్ల నాణ్యత, అతని నిమిషాలు, బదులు వచ్చేవాడి సత్తా, వీటి నుంచి కింది నుంచి పైకి కట్టుకొస్తారు.

మరుసటి ఏడాది దీనికి పరీక్ష వచ్చింది. 2024 సెప్టెంబర్ 22న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో రోడ్రి మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ దాదాపు మొత్తం పోయింది. తర్వాతి నాలుగు లీగ్ మ్యాచ్‌లలో సిటీ ఒకటి డ్రా చేసి మూడు గెలిచింది. అప్పటికి చూసినవాళ్లు ‘అతను లేకపోయినా ఫరవాలేదు’ అనుకునేవాళ్లు. నవంబర్ నుంచి వరసగా నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఓడింది. అప్పుడు చూసినవాళ్లు ‘అతనే సర్వం’ అన్నారు. ముందటేడు 91 పాయింట్లతో ఛాంపియన్ అయిన జట్టు ఈసారి 71తో మూడో స్థానంలో ఆగింది. తేడా 20. మన ఉదారమైన లెక్క ప్రకారం రోడ్రి ఖాతాలోకి ఐదు వేయవచ్చు, పదునైనవాడని ఏడెనిమిది కూడా వేయవచ్చు. మిగిలిన డజను పాయింట్లు వేరే చోట పోయాయి. అదే శరదృతువులో డిఫెండర్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడ్డారు, ముప్పై దాటిన ఆటగాళ్ల కాళ్లు బరువెక్కాయి. ఒకే విభాగంలో ఇద్దరు పోతే నష్టం రెట్టింపుతో ఆగదు. మొదటివాడి బదులు రెండో శ్రేణివాడు వస్తాడు, రెండోవాడి బదులు మూడో శ్రేణివాడు రావాలి. ఆ మెట్టు చాలా లోతు. విడివిడి గాయాల విలువలు కూడితే తక్కువ వచ్చేది ఇక్కడే.

లెక్క ఎంత జాగ్రత్తగా కట్టినా ఇంకో చోట దారి తప్పుతుంది, అది కాలం దగ్గర. ప్రీమియర్ లీగ్‌లో జట్టు పట్టికలు ఆట మొదలవడానికి గంట పైచిలుకు ముందు వస్తాయి. కానీ మేనేజర్ విలేకరులతో మాట్లాడేది ఒకటి రెండు రోజుల ముందే. మన స్ట్రైకర్ ఆడేది అనుమానమే, ఆడే అవకాశం నూటికి 70 అని అందరూ అనుకుంటున్నారనుకోండి. అప్పుడు రేటు 1.65 దగ్గర ఉండదు, 1.75 దగ్గరా ఉండదు. 60.6లో డెబ్బై పాళ్లు, 57.3లో ముప్పై పాళ్లు కలిపితే 59.6, రేటు 1.68. పట్టిక వచ్చి అతను లేడని తేలితే 1.68 నుంచి 1.75కు కదులుతుంది. ఉన్నాడని తేలితే 1.65కు దిగుతుంది. వారం కిందటే ఆపరేషన్ అయినవాడి పేరు పట్టికలో లేకపోతే రేటు అసలు కదలదు, కదలకూడదు కూడా. అది ఎప్పుడో రేటులోకి వెళ్లిపోయింది. వార్త ఎంత పెద్దదన్న దాని కంటే ఎంత కొత్తదన్నదే కదలికను నిర్ణయిస్తుంది.

దీనికే తోబుట్టువు లాంటి పొరపాటు ఒకటి. జట్టు బలాన్ని ఇటీవలి పది పదిహేను మ్యాచ్‌ల నుంచి అంచనా వేస్తున్నారనుకోండి. స్ట్రైకర్ రెండు నెలలుగా లేకపోతే ఆ 2.0 అన్న అంకె ఇప్పటికే అతను లేని జట్టుది. దాంట్లోంచి మళ్లీ 0.15 తీసేస్తే ఒకే గాయానికి రెండుసార్లు కోత పెట్టినట్టు. అప్పుడు చేయాల్సింది తీసేయడం కాదు, అతను తిరిగొచ్చిన రోజున కలపడం. అదీ మొత్తం కాదు. రెండు నెలలు ఆడనివాడు మొదటి మ్యాచ్‌లో అరవై నిమిషాలు ఉంటే గొప్ప.

లెక్క సరిగ్గా ఉందో లేదో మ్యాచ్ ఫలితం చెప్పదని చూశాం. చెప్పేది ఆట మొదలవడానికి ముందు నిలిచిన ఆఖరి రేటు. అప్పటికి పట్టికలు వచ్చేసి, తెలిసినవాళ్లందరూ తమ అభిప్రాయాన్ని డబ్బుతో చెప్పేసి ఉంటారు. వార్త రాగానే మీరు కాగితం మీద 1.75 అని కట్టారు, ఆఖరి రేటు 1.74 దగ్గర ఆగింది, ఇలా యాభై అరవై గాయాలకు సరిపోతూ వస్తే మీ పద్ధతి నిలిచినట్టే. ప్రతిసారీ మీరు 1.85 కడుతూ ఆఖరి రేటు 1.75 దగ్గరే ఆగుతుంటే మీరు బదులు ఆటగాడిని మరిచిపోతున్నారు. ఇంకా ఒక్క మాట. ఈ మూడు నాలుగు పాళ్ల కదలిక బుక్‌మేకర్ ఉంచుకునే నాలుగైదు పాళ్ల వాటాను మించదు. వార్త విని వెంటనే పందెం కాసేవాడికి, తన లెక్క సరైనదే అయినా, అప్పటికే రేటు కదిలిపోయి ఆ వాటా చెల్లించడమే మిగులుతుంది. మన దగ్గర అయితే ఆ దారి చట్టమే మూసింది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం తెచ్చింది. ఈ లెక్క తెలిసినవాడు దాన్ని వాడుకోవాల్సింది ఆటను సరిగ్గా చదవడానికే.

ఆట మారితే ఈ విలువలూ మారతాయి. బాస్కెట్‌బాల్‌లో బరిలో ఉండేది ఐదుగురే, 48 నిమిషాల ఆటలో మేటి ఆటగాడు 35 నిమిషాలకు పైగా ఆడతాడు, బంతి అతని చేతిలోనే తిరుగుతుంది. అక్కడ ఒక్కడు తప్పుకుంటే రేటు ఫుట్‌బాల్ కంటే ఎంతో ఎక్కువ కదులుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ ఒక్కడి విలువ చాలా ఎక్కువ, మిగతా స్థానాల్లో ఒక్కడు పోతే గీత జరిగేది కొద్దిగానే.

టెస్ట్ క్రికెట్‌లో మనవాళ్లందరికీ గుర్తున్న ఉదాహరణ 2025 ఇంగ్లండ్ పర్యటన. పని భారం దృష్ట్యా బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడతాడని సిరీస్‌కు ముందే చెప్పారు. ఏ మూడన్నదే తెలియదు. రేటు కట్టేవాడికి ఇది ఆ 70–30 లెక్కే, ప్రతి టెస్టుకూ కొత్తగా. బుమ్రా హెడింగ్లీలో, లార్డ్స్‌లో, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆడాడు. భారత్ రెండు ఓడి ఒకటి డ్రా చేసింది. అతను లేని ఎడ్జ్‌బాస్టన్‌లో 336 పరుగులతో, ఓవల్‌లో 6 పరుగులతో గెలిచింది. రోడ్రి పట్టికను నమ్మినవాడు ఈ పట్టికనూ నమ్మాలి. నమ్మితే ప్రపంచంలోనే మేటి ఫాస్ట్ బౌలర్ జట్టుకు భారమని తేల్చాలి. అలా ఎవరూ అనరు.

ఇక్కడా విప్పి చూడాల్సింది బదులు వచ్చినవాళ్లనే. ఎడ్జ్‌బాస్టన్‌లో బుమ్రా బదులు వచ్చిన ఆకాశ్ దీప్ మ్యాచ్‌లో పది వికెట్లు తీశాడు. కొత్త బంతి బాధ్యత ఎత్తుకున్న హైదరాబాదీ సిరాజ్ తొలి ఇన్నింగ్స్‌లో ఆరు తీశాడు. ఓవల్‌లో చివరి రోజు ఉదయం ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లున్నాయి. సిరాజ్ ఆ ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లతో ముగించాడు. ఓవల్‌లో ఆరు పరుగులు, లార్డ్స్‌లో భారత్ ఓడిన తేడా 22 పరుగులు. ఒక్క ఓవర్ అటూ ఇటూ అయితే ‘బుమ్రా ఉంటే – లేకుంటే’ పట్టిక తలకిందులయ్యేది, బుమ్రా విలువ మాత్రం అదే ఉండేది. బుమ్రా లేని తర్వాతి టెస్టుకు భారత్ రేటు కట్టేవాడు ఆ రెండు గెలుపులనూ పక్కన పెట్టి, అతని ఓవర్లు ఎవరికి వెళ్తాయో, వాళ్లు ఎన్ని పరుగులకు ఒక వికెట్ తీస్తారో, ఆ పిచ్ మీద ఎన్ని ఓవర్లు వేయాల్సి రావచ్చో చూసుకుని భారత్ గెలుపు నుంచి కొన్ని పాళ్లు కోస్తాడు.